పన్నెండు దాటితే ఒకటి

సోమవారం ఉదయం 7 గంటలకు ఒక పని మొదలైంది. సరిగ్గా 1000 గంటలకు అది పూర్తవుతుంది. అప్పుడు గోడ గడియారంలో చిన్నముల్లు ఏ అంకె మీద ఉంటుంది?

ఈ ప్రశ్న వేస్తే చాలామంది రోజులు లెక్కపెట్టడం మొదలుపెడతారు. అంత అవసరం లేదు. 1000ని 12తో భాగిస్తే 83 వస్తుంది, 4 మిగులుతుంది. అంటే ముల్లు 83 సార్లు పూర్తిగా చుట్టి వచ్చి మళ్లీ 7 దగ్గరే నిలబడి, అక్కడినుంచి ఇంకో నాలుగు గంటలు నడుస్తుంది. జవాబు 11. ఉదయమా, రాత్రా? దానికి 83ని ఒక్కసారి చూస్తే చాలు. ఒక చుట్టుకి పగలు రాత్రి అవుతుంది, రెండో చుట్టుకి మళ్లీ పగలవుతుంది. 83 బేసి సంఖ్య కాబట్టి ఉదయం 7 కాస్తా రాత్రి 7 అయింది, ఆపై నాలుగు గంటలకు రాత్రి 11. ఇక ఏ వారం? 1000 గంటలంటే 41 రోజుల 16 గంటలు. 41ని 7తో భాగిస్తే 6 మిగులుతుంది. సోమవారానికి ఆరు కలిపితే ఆదివారం. ఆదివారం ఉదయం 7కి 16 గంటలు కలిపినా రాత్రి 11 గంటలే. రెండు దారుల్లో వెళ్లినా ఒక్కచోటికే చేరాం.

బడిలో భాగహారం నేర్పినప్పుడు భాగఫలమే జవాబు, శేషం ఏదో మిగిలిపోయిన ముక్క. ఇక్కడ మాత్రం 83 వల్ల మనకు పగలో రాత్రో తెలిసింది తప్ప, అసలు జవాబంతా ఆ మిగిలిన 4 లోనే ఉంది. మిగిలినదాన్ని ఇలా తలకెత్తుకుని దానితోనే కూడికలు, గుణకారాలు చెయ్యవచ్చని గణితశాస్త్రం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. దాని వెనక శవపేటికల మీద నక్షత్రాలున్నాయి, చర్చి గంటలున్నాయి, పంచాంగాలున్నాయి, చివరికి జర్మనీలో ఒక ఇరవై నాలుగేళ్ల కుర్రవాడున్నాడు.

ముందు ఈ పన్నెండు ఎక్కడిదో చూద్దాం. సుమారు 4000 ఏళ్ల కిందటి ఈజిప్టు శవపేటికల మూతల లోపలివైపు నక్షత్రాల పట్టికలు గీసి ఉంటాయి. ఆకాశాన్ని 36 నక్షత్ర గుంపులుగా విడగొట్టుకుని, రాత్రి ఏ గుంపు ఉదయిస్తోందో చూసి ఎంత పొద్దుపోయిందో చెప్పుకునేవారు. ఒక రాత్రికి పన్నెండు గుంపులు లెక్కకు వచ్చేవి. పగటికీ అదే పన్నెండు పెట్టుకున్నారు. 2013లో బాసెల్ విశ్వవిద్యాలయం వారు రాజుల లోయలో తవ్వుతుంటే ఒక చదునైన సున్నపురాయి ముక్క దొరికింది. దాని మీద నల్లటి సిరాతో అర్ధవృత్తం గీసి, పన్నెండు భాగాలు చేసి ఉంది. మధ్యలో పుల్ల గుచ్చుకోవడానికి ఒక బెజ్జం. క్రీ.పూ. 13వ శతాబ్దపు నీడగడియారం అది.

అయితే ఆ ఈజిప్టు మనిషిని మన 1000 గంటల ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తాడు. తప్పు అతనిది కాదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఉన్న వెలుగుని పన్నెండుగా పంచుకుంటే, ఎండాకాలపు పగటి గంట పొడుగ్గా, చలికాలపు పగటి గంట పొట్టిగా ఉంటుంది. పగటి గంటా రాత్రి గంటా ఒకేలా ఉండేది విషువత్తు రోజుల్లోనే. గంటలన్నీ ఒక కొలతవి కానప్పుడు వెయ్యి గంటలు అనే మాటకే అర్థం లేదు. ముల్లు చుట్టూ తిరిగి మొదటికి రావడం ఎంత ముఖ్యమో, ప్రతి అడుగూ సమానంగా ఉండడమూ అంతే ముఖ్యం. గ్రీకు ఖగోళవేత్తలు, ముఖ్యంగా క్రీ.పూ. రెండో శతాబ్దపు హిపార్కస్, తమ లెక్కల కోసం సమానమైన 24 గంటలు వాడుకున్నారు. ఊళ్లో జనం మాత్రం ఇంకో పదిహేను వందల ఏళ్లు సాగే, కుంచించుకుపోయే గంటలతోనే కాలం వెళ్లదీశారు.

ఆ జనానికి సమానమైన గంటలు వచ్చింది యంత్రంతో. 14వ శతాబ్దంలో ఐరోపా నగరాల్లో బరువులతో నడిచే పెద్ద గడియారాలు గోపురాల మీదికెక్కాయి. ఎండాకాలమా చలికాలమా అన్నది ఆ పళ్లచక్రానికి తెలియదు, అది ఒకే వేగంతో తిరుగుతుంది. చాలావాటికి ముఖపలకే లేదు. ఇంగ్లండులో సాలిస్‌బరీ చర్చిలో 1386 నాటిదని చెప్పే గడియారం ఉంది. దానికి ముళ్లూ లేవు, అంకెలూ లేవు, గంట కొట్టడమే దాని పని. ఇక్కడే మన పన్నెండుకి అసలైన పోటీ ఎదురైంది.

ఇటలీలో మొదటి గడియారాలు రోజంతా ఒకే వరసలో లెక్కపెట్టేవి. సూర్యాస్తమయంతో కొత్తరోజు మొదలు. ఒక గంటకు ఒకటి, రెండు గంటలకు రెండు, అలా పెరుగుతూ చివరికి ఇరవై నాలుగు దెబ్బలు. 1330లలో మిలాన్‌లో అలా కొట్టే గడియారం ఉండేది. ఆలోచన చక్కగానే ఉంది, పగలా రాత్రా అన్న అనుమానమే రాదు. కానీ మంచం మీద పడుకున్నవాడి సంగతి చూడండి. గంట మోగడం మొదలైంది. పద్నాలుగు, పదిహేను అని లెక్కపెడుతుండగా వీధిలో కుక్క మొరిగింది. ఇప్పుడు మోగింది పంతొమ్మిదా, ఇరవయ్యా? మళ్లీ గంటసేపు ఆగాల్సిందే. గడియారానికీ కష్టమే. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా కూడితే 300. రోజుకి 300 సార్లు సుత్తి లేవాలి, అంత బరువుని రోజూ ఎవరో పైకి చుట్టాలి. పన్నెండు దాకా వెళ్లి మళ్లీ ఒకటితో మొదలుపెడితే పన్నెండు దాకా మొత్తం 78, రెండుసార్లకి 156. దాదాపు సగం శ్రమ మిగిలింది. ఇటలీలో కొన్ని చోట్ల ఇంకా ముందుకెళ్లి ఆరు దాకానే కొట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. రోజుకి 84 దెబ్బలే. కాకపోతే మూడు దెబ్బలు వినబడితే అది నాలుగు వేళల్లో ఏదైనా కావచ్చు, కిటికీలోంచి చూసి తేల్చుకోవాలి.

నాకు ఈ బేరం చాలా ఇష్టం. చుట్టు చిన్నదైనకొద్దీ లెక్క తేలిక, కానీ మరిచిపోయేది ఎక్కువ. 24 పెట్టుకుంటే ఏమీ మరవం, కానీ మోత బరువు. 6 పెట్టుకుంటే మోత తేలిక, అయోమయం ఎక్కువ. జనం నడుమనున్న పన్నెండు దగ్గర సర్దుకున్నారు. పొద్దున్న ఎనిమిదినీ రాత్రి ఎనిమిదినీ పొరబడే మనిషి అరుదు కదా!

రెండు రకాల గడియారాలూ ఉన్న కాలంలో ప్రయాణికుల పాట్లు చెప్పనలవి కావు. జర్మన్ కవి గోథే 1786 సెప్టెంబరులో వెరోనా చేరాడు. ఆయనకు అలవాటైనవి అర్ధరాత్రి నుంచి పన్నెండు, మధ్యాహ్నం నుంచి పన్నెండు. ఇటలీలో సూర్యాస్తమయం నుంచి ఇరవై నాలుగు. పైగా సూర్యాస్తమయ వేళ నెలనెలా మారుతుంటుంది, కాబట్టి రెండింటి తేడా కూడా మారుతుంటుంది. ఆయన చివరికి ఒక వృత్తం గీసుకుని, అందులో రెండు దేశాల గంటలనూ ఎదురెదురుగా రాసుకుని తన ప్రయాణపు రాతల్లో పెట్టుకున్నాడు. కూడిక ఇరవై నాలుగు దాటితే మళ్లీ మొదటికి వచ్చే లెక్కకు తిన్నని గీత పనికిరాదని, వృత్తమే కావాలని గోథేకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మనవైపు ఈ సంగతి ఇంకోలా నడిచింది. మనకు రోజుకి 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగిగిన్నెను నీళ్లలో వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ. పగలైనా రాత్రైనా గిన్నె ఒకేలా మునుగుతుంది, అంచేత సమానమైన అడుగులు మనకు ముందునుంచీ ఉన్నాయి. జ్యోతిష గణితం చేసేవారు ఇంకా పెద్ద చుట్లతో పని చేశారు. కలియుగం మొదటి రోజు నుంచి ఈనాటికి గడిచిన రోజులన్నీ లెక్కకట్టి, దానికి అహర్గణం అని పేరు పెట్టారు. అది లక్షల్లో ఉంటుంది. దాన్ని ఏడుతో భాగించి, వచ్చిన శేషం చూస్తారు. కలియుగం శుక్రవారం మొదలైందని ఆర్యభటుడి లెక్క. అందుకని శేషం సున్నా అయితే శుక్రవారం, ఒకటైతే శనివారం. మన 1000 గంటల లెక్క పద్ధతి ఇదే. చుట్టుకి పన్నెండు బదులు ఏడు, అంతే.

ఇలాంటి చుట్టు మన ఉగాదిలోనూ ఉంది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై పేర్లు. శాలివాహన శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలేది ఆ ఏటి వరస సంఖ్య. 2025 ఉగాదికి శకం 1947. పన్నెండు కలిపితే 1959. అందులో 32 అరవైలు, అంటే 1920 పోతే 39 మిగిలింది. ముప్పై తొమ్మిదో పేరు విశ్వావసు. మరి శేషం సున్నా వస్తే? 1986లో వచ్చింది. శకం 1908, పన్నెండు కలిపితే 1920, శేషం లేదు. అది అరవయ్యోదైన అక్షయ. ఈ సున్నా సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఆర్యభటుడు 499లో ఇంకో మెట్టు ఎక్కాడు. గడిచిన కాలం తెలిస్తే శేషం కనుక్కోవడం సులువు. శేషాలు మాత్రమే తెలిసి, గడిచిన కాలం తెలియకపోతే? ఇది తిరుగు ప్రశ్న, దీనికి ఆయన రాసిన పద్ధతే కుట్టకం. పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగించి, చిన్నదాన్ని శేషంతో భాగించి, ఆ శేషాన్ని కొత్త శేషంతో భాగించి, అలా దంచుతూ పోతే చివరికి చేతిలో పట్టేంత చిన్న సంఖ్యలు మిగులుతాయి. అక్కడినుంచి వెనక్కి కట్టుకుంటూ వస్తే జవాబు దొరుకుతుంది. ఆ తర్వాత బ్రహ్మగుప్తుడు, మొదటి భాస్కరుడు దీన్ని గ్రహాల లెక్కలకు విరివిగా వాడారు. పద్ధతి పక్కా. లేనిదల్లా ఒక్కటే. శేషం ఒకటే అయిన రెండు సంఖ్యల మధ్య ఉన్న చుట్టరికాన్ని ఒక సమీకరణంలా రాసి, దానితోనే బీజగణితం నడిపే ఆనవాయితీ ఎక్కడా రాలేదు.

అది వచ్చింది 1801లో, లైప్‌జిగ్‌లో అచ్చయిన ఒక లాటిన్ పుస్తకంలో. పేరు డిస్క్విజిషనెస్ అరిథ్మెటికే. రాసింది కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్. అప్పటికి ఆయన వయసు 24. ఎక్కువభాగం అంతకు మూడేళ్ల ముందే, విద్యార్థిగా ఉన్నప్పుడే రాసిపెట్టుకున్నాడు. ఉదాహరణలతో ఊరించడాలు లేవు. మొదటి పేరాలోనే విషయం చెప్పేశాడు. రెండు సంఖ్యల తేడాని మూడో సంఖ్య నిశ్శేషంగా భాగిస్తే, ఆ మూడోదాని దృష్టిలో అవి రెండూ సమానశేషులు. రెండో పేరాలో దానికొక గుర్తు పెట్టాడు. సమానం గుర్తుకి రెండు గీతలుంటే, దీనికి మూడు.

−16 ≡ 9 (mod 5)

ఇది ఆయన ఇచ్చిన ఉదాహరణే. 9కీ −16కీ తేడా 25, దాన్ని ఐదు భాగిస్తుంది. ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ దీనికి మామూలు సమానం గుర్తే వాడేశాడని, అది గందరగోళం అవుతుందని తాను వేరే గుర్తు పెట్టానని గౌస్ కింద చిన్న గమనిక కూడా రాశాడు. చిన్న మార్పే. కానీ దాంతో శేషం అనేది భాగహారం చివర మిగిలే ముక్కగా ఉండడం మానేసి, రెండు పక్కలా సంఖ్యలున్న ఒక వాక్యమైంది. వాక్యాలను కూడవచ్చు, గుణించవచ్చు, ఒకదాని బదులు ఇంకోటి పెట్టవచ్చు.

ఈ నిర్వచనంలో గడియారం ఊసే లేదు. గడియారపు బొమ్మ గీసి ఈ లెక్క చెప్పడం తరవాతి పంతుళ్లు తెచ్చిన అలవాటు. కాకపోతే గౌస్ కాలగణనకు దూరంగానూ లేడు. అంతకు ముందు ఏడాదే, 1800లో, ఈస్టర్ ఏ తేదీన వస్తుందో శేషాలతో కనుక్కునే సూత్రం అచ్చు వేయించాడు. ఈ పుస్తకంలోనూ 15, 19, 28 ఏళ్ల మూడు చుట్లలో ఒక సంవత్సరం ఎక్కడెక్కడ ఉందో చెబితే ఆ సంవత్సరం ఏదో కనిపెట్టే లెక్క చేసి చూపాడు. 15, 19, 28లను గుణిస్తే 7980, అన్నేళ్లకు గానీ మూడు చుట్లూ కలిసి మొదటికి రావు. ఆర్యభటుడి తిరుగు ప్రశ్న లాంటిదే ఇది.

గౌస్ ఉదాహరణలో రుణసంఖ్య ఉండడం వట్టి విన్యాసం కాదు. దాని ఉపయోగం అమెరికాలోని తెలుగు ఇళ్లలో రోజూ కనబడుతుంది. ఎండాకాలంలో న్యూజెర్సీ సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలిపితే మన సమయం. రాత్రి 8కి తొమ్మిదిన్నర కలపడం నోటిలెక్కగా అంత హాయిగా ఉండదు. అందుకని అక్కడివాళ్లు రెండున్నర తీసేసి, పగలుని రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చేసుకుంటారు. రాత్రి 8లోంచి రెండున్నర తీస్తే సాయంత్రం 5:30, తిరగేస్తే తెల్లవారి 5:30. అమ్మ లేచే వేళైందో లేదో తెలిసిపోయింది. పన్నెండు గంటల చుట్టులో 9:30 ముందుకెళ్లినా, 2:30 వెనక్కెళ్లినా ఒకే చోటు. గౌస్ రాతలో అది 9.5 ≡ −2.5 (mod 12). భిన్నాలున్నాయని ఆయన నొచ్చుకుంటాడేమో, నిమిషాల్లోకి మార్చి 570 ≡ −150 (mod 720) అని రాస్తే సరి.

తడబడేది ఎక్కడంటే, తీసివేసేటప్పుడు మధ్యాహ్నాన్ని దాటినప్పుడు. న్యూజెర్సీలో మధ్యాహ్నం 1 గంట. రెండున్నర వెనక్కి వెళితే 10:30, అది ఉదయానిది. దాన్ని తిరగేయాలి కాబట్టి మనకు రాత్రి 10:30. ఇక్కడ చాలామంది మొదటి మధ్యాహ్నాన్నే తిరగేసి ఉదయం 10:30 అనేసుకుంటారు. ఇంకో చిక్కు నవంబరులో వస్తుంది. ఒక ఆదివారం తెల్లవారుజామున వాళ్ల గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, తేడా పదిన్నర అవుతుంది, రెండున్నర బదులు గంటన్నర తీయాలి. ఆ రాత్రి ఒంటిగంట రెండుసార్లు వస్తుంది. మార్చిలో ఇంకో రాత్రి రెండు నుంచి మూడు దాకా ఉన్న గంట అసలు రానే రాదు. ఆ రాత్రుల మీదుగా సాగే 1000 గంటల లెక్కను గోడ గడియారం మీద చేస్తే ఒక గంట తప్పు వస్తుంది. సమానమైన అడుగులు ఉండాలన్న ఈజిప్టు నాటి షరతు ఇంకా వదల్లేదన్నమాట.

కూడికలు, తీసివేతల వరకైతే గౌస్ లేకపోయినా బండి నడిచేది. గుణకారంలోకి వచ్చేసరికి ఆ మూడు గీతల బలం తెలుస్తుంది. పన్నెండు గంటలు కొట్టిన క్షణం నుంచి 7¹⁰⁰ గంటలు గడిచాయనుకుందాం. ఏడుని వంద సార్లు వేసి గుణించిన సంఖ్య, రాస్తే 85 అంకెలు పడుతుంది. విశ్వం వయసు కూడా దాని ముందు దిగదుడుపే. అప్పుడు గడియారంలో ఎంత? ఆ 85 అంకెలు రాసి 12తో భాగించాలని కూర్చుంటే తెల్లారుతుంది. గౌస్ దారిలో అయితే మొదట 7×7 చూస్తాం. 49. అందులో నాలుగు పన్నెండ్లు పోతే 1. కాబట్టి పన్నెండు దృష్టిలో ఏడూ ఏడూ కలిసి ఒకటితో సమానం. వంద ఏడులను జతలుగా విడగొడితే యాభై జతలు. ప్రతి జత బదులు 1 పెట్టండి. యాభై ఒకట్ల గుణకారం 1. జవాబు ఒంటిగంట. మధ్యలో ఎక్కడా 49 కన్నా పెద్ద సంఖ్య ముట్టుకోలేదు. గుణించి ఆ తర్వాత చుట్లు తీసేసినా, ముందే చుట్లు తీసేసి గుణించినా ఒకటే శేషం వస్తుందన్న హామీ మీదే ఇదంతా నిలబడింది.

భాగహారానికి ఆ హామీ లేదు. ఇది కాస్త నిదానంగా చూడాలి. ఎనిమిది గంటలకోసారి వేసుకోమని డాక్టర్ ఒక మాత్ర రాశాడు. మొదటిది ఉదయం 6కి వేసుకుంటే తర్వాతవి 2, 10, మళ్లీ 6. ఎన్నాళ్లు వేసుకున్నా ముల్లు ఈ మూడు అంకెల మీదే నిలబడుతుంది. ఇప్పుడు ముల్లు 6 మీద ఉంది, మాత్ర వేసుకునే వేళైంది. మొదటిదాని తర్వాత ఎన్ని పడ్డాయి? మూడు పడి ఉండొచ్చు, ఆరు పడి ఉండొచ్చు, తొమ్మిదీ కావచ్చు. గడియారాన్ని ఎంతసేపు చూసినా చెప్పలేం. అదే ఐదు గంటలకోసారి అయితే? వైద్యులు అలా రాయరు, లెక్క కోసం అనుకుందాం. 6, 11, 4, 9, 2, 7, 12, 5, 10, 3, 8, 1. పన్నెండు అంకెలనూ తిరిగి వచ్చాకగానీ ముల్లు మళ్లీ 6 మీదికి రాదు, వచ్చేసరికి 60 గంటలు గడిచి అది సాయంత్రం 6 అయి ఉంటుంది. ఆలోపు ముల్లు ఎక్కడుందో చెబితే ఎన్నో మాత్రో చెప్పేయవచ్చు. తేడా అంతా ఎక్కడుందంటే, 8కీ 12కీ ఉమ్మడిగా నాలుగు అనే భాజకం ఉంది. 5కీ 12కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు.

ఐదుతో భాగహారం చేసే తీరు కూడా తమాషాగా ఉంటుంది. ముల్లు 6 నుంచి 4కి వచ్చింది, అంటే పది అంకెలు ముందుకు. ఎన్ని మాత్రలు? ఐదుని ఎంతతో గుణిస్తే పన్నెండు దృష్టిలో 1 వస్తుందో ముందు వెతకాలి. 5×5 = 25, రెండు పన్నెండ్లు పోతే 1. అంచేత ఐదుతో భాగించడానికి బదులు ఐదుతోనే గుణిస్తే సరిపోతుంది. 10×5 = 50, నాలుగు పన్నెండ్లు పోతే 2. రెండు మాత్రలు. 6, 11, 4 అని వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోవచ్చు. చుట్టు పన్నెండు కాబట్టి ఆ 5 మన కంటికి తట్టింది. చుట్టులో వందల అంకెలుంటే దాన్ని వెతికి పట్టుకోవడానికి ఆర్యభటుడి కుట్టకమే శరణ్యం. ఈనాటి కంప్యూటర్లలోనూ ఆ పనికి వాడేది అదే దారి.

కంప్యూటర్ల మాట వచ్చింది కాబట్టి, ఇందాక పక్కన పెట్టిన సున్నా దగ్గరికి వద్దాం. పన్నెండుతో భాగిస్తే వచ్చే శేషాలు 0 నుంచి 11 దాకా. గడియారం మీద అంకెలు 1 నుంచి 12 దాకా. అరవై ఏళ్లలో సున్నాని అక్షయ అన్నట్టే ఇక్కడ సున్నాని పన్నెండు అంటున్నాం. మనుషులం అలవాటు మీద సర్దుకుంటాం. యంత్రం సర్దుకోదు. 7 గంటలకు 5 కలిపి, పన్నెండుతో భాగించి శేషం చూపించమంటే అది నిక్షేపంగా 0 గంటలు అని చూపిస్తుంది. అందుకని ముందు ఒకటి తీసేసి, చుట్లు పోగొట్టి, మళ్లీ ఒకటి కలపాలి.

```python
def tarvata(h, n):
    return (h - 1 + n) % 12 + 1
```

దీనికి 7, 1000 ఇస్తే 11 వస్తుంది. 7, 5 ఇస్తే 12 వస్తుంది. వెనక్కి కూడా పనిచేస్తుంది. 3 గంటలకు 8 గంటల ముందు ఎంత అని 3, −8 ఇస్తే పైథాన్ భాషలో 7 అని వస్తుంది, అది సరైనదే. అదే సూత్రాన్ని సి భాషలో రాస్తే −5 వస్తుంది. లోపల భాగించాల్సింది −6ని. పైథాన్ దాని శేషం 6 అంటుంది, సి మాత్రం −6 అంటుంది. గౌస్ దృష్టిలో రెండూ సమానశేషులే, తప్పు లేదు. కానీ గోడ మీద −5 అనే అంకె లేదు కదా. 1999కి ముందు సి భాషలో ఈ రెండింటిలో ఏది రావాలో కూడా ఖాయం చెయ్యలేదు, కంపైలర్ ఇష్టం. ఇక జావాలో సమయాన్ని రాసేటప్పుడు `h` అంటే 1 నుంచి 12, `K` అంటే 0 నుంచి 11, `H` అంటే 0 నుంచి 23, `k` అంటే 1 నుంచి 24. `HH` రాయాల్సినచోట `hh` రాస్తే మధ్యాహ్నం 3కి రావాల్సినది తెల్లవారి 3 అయి కూర్చుంటుంది. పొద్దున్నపూట పరీక్షించి చూస్తే ఈ తప్పు బయటపడదు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే కనబడుతుంది.

నన్నడిగితే గడియారం నెత్తిన పన్నెండు బదులు సున్నా రాసి ఉంటే ఈ బాధలు సగం తగ్గేవి. జపాన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరని చాలామంది మధ్యాహ్నం 0 గంటల 30 నిమిషాలు అనే అంటారు. అర్ధరాత్రి 12 అంటే ముగుస్తున్న రోజుదా, మొదలవుతున్న రోజుదా అన్న వాదన అక్కడ పుట్టదు. మన రైల్వే టైంటేబుల్ 24 గంటల చుట్టుని పట్టుకుని ఆ పని ఎప్పుడో చేసేసింది. ఇబ్బందల్లా మన బుర్రలు ఇంకా పన్నెండు దగ్గరే ఉండడం. 15వ తేదీ 00:10కి బండి అని టికెట్టు మీద ఉంటే, 15వ తేదీ రాత్రి పెట్టె సర్దుకుని స్టేషన్‌కి వెళ్లి, ఆ బండి ముందటి రాత్రే వెళ్లిపోయిందని తెలుసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీ టికెట్టు మీద సమయం 00తో మొదలైతే, ముందురోజు రాత్రి భోజనం కాగానే బయల్దేరండి.